‘సీ మోర్’ పైన మిగిలే ఆ మూడు వరుసలు

లింక్డ్‌ఇన్ ప్రొఫైల్‌లో ‘అబౌట్’ అనే భాగంలో 2,600 క్యారెక్టర్ల దాకా రాసుకోవచ్చు. ఇంగ్లిష్‌లో అయితే దాదాపు 400 మాటలు పడతాయి. ప్రొఫైల్ తెరిచినవాళ్లకు మాత్రం అదంతా కనిపించదు. మూడు నాలుగు వరుసలు కనిపిస్తాయి, చివర మూడు చుక్కలు, పక్కన ‘సీ మోర్’ అనే చిన్న మాట. దాన్ని నొక్కితేనే మిగతాది తెరుచుకుంటుంది.

రాసేవాళ్లు ఎక్కువగా శ్రమపడేది ఆ మాటకు కింద ఉండే భాగం మీదే. చేసిన ప్రాజెక్టులు, నేర్చుకున్న పనిముట్లు, సాధించిన ఫలితాలు అన్నీ అక్కడే ఉంటాయి. పైన మాత్రం, రాయడానికి కూర్చున్నప్పుడు చెయ్యి సాగడానికి రాసుకున్న వాక్యాలు అలాగే మిగిలిపోతాయి. ‘ఫలానా రంగంలో ఇన్నేళ్ల అనుభవం గల నిపుణుణ్ని’ అన్న వాక్యం లక్షల ప్రొఫైళ్లలో మొదటి వరుసలో కూర్చుంది అందుకే. అది రాయాలని ఎవరూ ప్రత్యేకంగా అనుకోరు. మొదట తోచింది అది, అంతే.

ఈ మూడు వరుసల్ని సరిగా రాయాలంటే ముందు రెండు సంగతులు తెలియాలి. కోత ఎక్కడ పడుతుంది, అక్కడికి వచ్చేసరికి చదివేవాళ్ల కంట అప్పటికే ఏమేం పడ్డాయి.

కోతకు కొలత వరుసే

‘మొదటి 200 అక్షరాలు కనిపిస్తాయి’, ‘మొదటి 300 కనిపిస్తాయి’ అని రకరకాల లెక్కలు తిరుగుతుంటాయి. అవేవీ పూర్తిగా తప్పు కాదు, పూర్తిగా ఒప్పూ కాదు. ఎందుకంటే కోత పడేది వరుసల లెక్కన. తెర వెడల్పు ఎంతో, అక్షరం సైజు ఎంతో, దాన్నిబట్టి ఒక్కో వరుసలో పట్టే మాటలు మారిపోతాయి. ల్యాప్‌టాప్‌లో మొత్తం కనిపించిన వాక్యమే ఫోన్‌లో సగంలో తెగుతుంది. ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుని చదివేవాళ్లకు ఇంకా ముందే తెగుతుంది. పైగా సైటు రూపం మార్చినప్పుడల్లా కనిపించే వరుసల సంఖ్యా కాస్త అటూ ఇటూ అవుతుంటుంది. కాబట్టి ఒక అంకె పట్టుకుని అక్షరాలు లెక్కపెడుతూ కూర్చోవడం దండగ.

వరుసలతో లెక్క అన్నాక ఖాళీ వరుస కూడా వరుసే. ఇది చాలామంది పట్టించుకోని సంగతి. పోస్టుల్లో చూసిన అలవాటుకొద్దీ మొదట రెండు మాటల చిన్న వాక్యం రాసి, ఎంటర్ రెండుసార్లు కొట్టి, కింద అసలు విషయం మొదలుపెడతారు. దాంతో మొదటి వరుసలో రెండు మాటలు, రెండో వరుస ఖాళీ, మూడో వరుసలో అసలు విషయం తల మాత్రం బయటపెడుతుంది. మూడు వరుసల చోటిస్తే ఒకటిన్నర వరుస పారబోసినట్టు. మొదటి ఖాళీ వరుస ఎప్పుడైనా కోత దాటిన తర్వాతే రావాలి. ‘నమస్కారం, నా ప్రొఫైల్‌కు స్వాగతం’ అన్న పలకరింపు ఖర్చు కూడా ఇలాంటిదే. ఫోన్‌లో దానికి ఒక వరుస పోతుంది.

తెలుగులో రాసేవాళ్లకు మరో లెక్క ఉంది. కంటికి కనిపించే అక్షరం ఒకటే అయినా, కంప్యూటర్ దాన్ని ముక్కలుగా లెక్కపెడుతుంది. ‘స్త్రీ’ మనకు ఒక అక్షరం. కంప్యూటర్ లెక్కలో అది స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం, మొత్తం ఆరు. అందుకే 2,600 అన్న హద్దు తెలుగులో అనుకున్నదానికంటే తొందరగా వచ్చేస్తుంది. పైగా మన మాటలు పొడుగు, అక్షరాలు వెడల్పు. మామూలు సైజులో ఉన్న ఫోన్‌లో వరుసకు నాలుగైదు తెలుగు మాటలు పడతాయనుకుంటే మూడు వరుసలకు దాదాపు 15 మాటలు. ల్యాప్‌టాప్ మీద వరుసకు పది మాటలు పట్టినా, నాలుగు వరుసలకు 40. ఇవి చేతి కొలతలే కానీ పనికి సరిపోతాయి.

ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూస్తేనే అసలు చిక్కు తెలుస్తుంది. మీరు రాసే ప్రారంభం ఒకటే, కానీ అది రెండు చోట్ల తెగుతుంది. 15 మాటల దగ్గర ఒకసారి, 40 దగ్గర మరోసారి. రెండు చోట్లా పనిచేయాలి. అందుకని మొదటి 15 మాటల్ని విడిగా నిలబడగలిగేలా, ఆ తర్వాత వచ్చే 20, 25 మాటల్ని కిందికి లాగేలా రాసుకోవాలి. తొలి ముక్క ‘ఈ మనిషి ఏం చేస్తారు’ అన్నది తేల్చేయాలి. రెండో ముక్క ‘ఎలా?’ అనో ‘ఎందుకలా?’ అనో అడిగించాలి.

క్రియ చివర్న ఉండే భాష

ఇంగ్లిష్ సలహాల్ని తెలుగులోకి తెచ్చుకునేటప్పుడు ఒక చోట దెబ్బ తగులుతుంది. ఇంగ్లిష్ వాక్యంలో కర్త పక్కనే క్రియ వస్తుంది. వాక్యం సగంలో తెగినా ఆ మనిషి ఏం చేస్తాడో అప్పటికే తెలిసిపోతుంది. తెలుగులో క్రియ చివర్న వస్తుంది. ‘సరుకు నిల్వల నిర్వహణలో 11 ఏళ్లుగా పనిచేస్తూ, వివిధ బృందాలను సమన్వయపరుస్తూ, నూతన పద్ధతులను ప్రవేశపెడుతూ...’ అని మూడు వరుసలు సాగిస్తే, కోత పడేసరికి ఇంకా ఏమీ చెప్పనే లేదు. చెప్పాల్సిన మాట బటన్ కింద ఉండిపోయింది.

కాబట్టి తెలుగు ప్రారంభానికి పొట్టి వాక్యాలు కావాలి. నాలుగు నుంచి పది మాటల వాక్యాలు. ‘చేస్తూ’, ‘కలిగి’, ‘పాల్గొని’ లాంటి అసమాపక క్రియలు మొదటి 15 మాటల్లో ఒకటికి మించితే అనుమానించండి. ఇది శైలి గురించి చేసే నసుగుడు కాదు. కోత ఎక్కడ పడినా కనీసం ఒక్క వాక్యమైనా పూర్తయి ఉండటానికి అదొక్కటే దారి.

చదివేవాళ్లు అప్పటికే చూసినవి

అబౌట్ దాకా వచ్చినవాళ్లు ఖాళీ కళ్లతో రారు. పైన ఫొటో చూశారు, పేరు చూశారు, పేరు కింద ఉండే హెడ్‌లైన్ చదివారు. ఆ హెడ్‌లైన్‌కే 220 క్యారెక్టర్ల చోటుంది. చాలామంది అందులో హోదా, రంగం, ఏళ్ల అనుభవం అన్నీ పెట్టేస్తారు. ప్రస్తుతం పనిచేస్తున్న సంస్థ పేరు, ఉండే ఊరు కూడా అక్కడే కనిపిస్తాయి.

ఇప్పుడు అబౌట్ మొదటి వాక్యం మళ్లీ హోదాతో, అనుభవంతో మొదలైతే చదివేవాళ్ల కన్ను దాన్ని జారవిడుస్తుంది. తెలిసిన ముక్కే మళ్లీ కనిపించింది కాబట్టి కిందున్నదీ తెలిసిందే అనుకుంటారు. ‘సీ మోర్’ నొక్కకపోవడానికి ముఖ్యమైన కారణం రాత బాగోలేకపోవడం కాదు, కింద కొత్తదేమీ ఉండదన్న అంచనా కుదిరిపోవడం. అందుకే రాయడం మొదలుపెట్టే ముందు మీ హెడ్‌లైన్‌ను ఒక కాగితం మీద రాసుకుని పక్కన పెట్టుకోండి. అందులో ఉన్న ఏ మాటా అబౌట్ మొదటి వరుసలో ఉండకూడదని నియమం పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

హెడ్‌లైన్ ‘ఎవరు’ అన్నది చెబుతుంది. అబౌట్ ప్రారంభం ‘ఏ చిక్కు విప్పుతారు’ అన్నది చెప్పాలి.

ఒక ప్రారంభాన్ని విప్పి చూద్దాం

ఒక గోదాము మేనేజర్ అనుకుందాం. హెడ్‌లైన్: ‘గోదాము మేనేజర్ | సరుకు నిల్వల నిర్వహణ | 11 ఏళ్ల అనుభవం’. అబౌట్ ఇలా మొదలవుతుంది:

> సరుకు నిల్వల నిర్వహణలో 11 ఏళ్లకు పైగా అనుభవం కలిగి, ఫలితాలే లక్ష్యంగా పనిచేసే నిపుణుణ్ని. నాయకత్వ లక్షణాలు, బృందస్ఫూర్తి, ఒత్తిడిలోనూ పనిచేయగల సామర్థ్యం నా బలాలు.

మొదటి ఏడు మాటల్లో ‘పైగా’ తప్ప అన్నీ హెడ్‌లైన్‌లో ఉన్నవే. తర్వాతి భాగానికి ఒక చిన్న పరీక్ష పెట్టండి. ఇదే వాక్యాన్ని ఒక ఆసుపత్రి మేనేజర్ ప్రొఫైల్‌లో అతికిస్తే అబద్ధమవుతుందా? కాదు. బ్యాంకు ఉద్యోగి ప్రొఫైల్‌లో? అక్కడా కాదు. ఎవరి పేరు కింద పెట్టినా నిజమయ్యే వాక్యం ఎవరి గురించీ చెప్పదు. ‘నాయకత్వ లక్షణాలు’ అన్న మాటను కాదనే మనిషి ఎక్కడైనా ఉంటాడా? ‘నాకు నాయకత్వం చేతకాదు’ అని ఎవరూ రాసుకోరు. ఎదురు మాట అసాధ్యమైనప్పుడు అసలు మాటకు బరువుండదు.

దీన్ని బాగుచేయడానికి ఆ వాక్యాల్లోని మాటల్ని మార్చడం పనికిరాదు. ‘ఫలితాలే లక్ష్యంగా’ తీసేసి ‘అంకితభావంతో’ పెడితే ఒరిగేదేమీ లేదు. వాక్యాల్ని వదిలేసి పనిలోకి వెళ్లాలి. ఆ మేనేజర్ రోజూ పొద్దున గోదాములోకి అడుగుపెట్టగానే ఎదురయ్యే చిక్కు ఏమిటి? కంప్యూటర్ చూపే లెక్కకూ అరలో ఉన్న సరుకుకూ పొంతన కుదరకపోవడం. అమ్మకాల వాళ్లు కంప్యూటర్ చూసి సరుకుందని మాటిచ్చేస్తారు, తీరా అరలో ఉండదు. ఈ రంగంలో ఉన్న ఎవరైనా ఆ మాట వినగానే తలాడిస్తారు. అక్కణ్నుంచి మొదటి చిత్తు ప్రతి వస్తుంది:

> కంప్యూటర్ 40 పెట్టెలు ఉన్నాయంటుంది. అరలో 37 ఉంటాయి.

ఏడు మాటల్లో ఒక దృశ్యం కంటికి కట్టింది. అయితే దీంతోనే ఆగితే ప్రమాదం. ఫోన్‌లో చూసేవాళ్లకు ఈ మనిషి ఎవరో ఇంకా అంతుబట్టదు. సాఫ్ట్‌వేర్ అమ్ముతున్నారా, దొంగతనాలు పట్టుకుంటారా, కథ రాస్తున్నారా? దృశ్యంతో మొదలుపెట్టేవాళ్లలో చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ఆకట్టుకునే రెండు వాక్యాలు రాసేసి, తమకు దానితో సంబంధమేమిటో కోత కింద చెబుతారు. అర్థం కానిదాని కోసం ఎవరూ బటన్ నొక్కరు. మూడో వాక్యం తప్పనిసరిగా పనిని చెప్పాలి:

> కంప్యూటర్ 40 పెట్టెలు ఉన్నాయంటుంది. అరలో 37 ఉంటాయి. ఆ తేడా ఎక్కడ పుట్టిందో పట్టుకుని మళ్లీ రాకుండా చూడటం నా పని.

లెక్కపెడితే 17 మాటలు. ఫోన్‌లో మూడు వరుసల్లో దాదాపు పట్టేస్తాయి, చివరి మాట ఒకటి రెండు తెగినా అర్థం పోదు. ఇది మొదటి ముక్క. విడిగా నిలబడింది. ఇక రెండో ముక్క, ల్యాప్‌టాప్‌లో కనిపించే భాగం. ఇక్కడే చదివేవాళ్లను కిందికి దించాలి.

> ఆ మూడు పెట్టెల్నీ దొంగలెత్తుకుపోయారనే అందరూ మొదట అనుకుంటారు. చాలాసార్లు అవి గోదాము గోడ దాటి ఉండవు. ఎక్కువగా మూడు చోట్ల దాక్కుంటాయి:

ఇంకో 17 మాటలు. మొత్తం 34, అంటే 40 లోపే ఉన్నాం. కోత ఇప్పుడు ‘మూడు చోట్ల దాక్కుంటాయి’ అన్నదాని తర్వాత పడుతుంది. ఆ మూడు చోట్లు ఏమిటో కింద ఉన్నాయి. గోదాములతో పని ఉన్నవాళ్లు, అంటే ఈ మేనేజర్‌ను ఉద్యోగంలోకి తీసుకునే అవకాశం ఉన్నవాళ్లు, నొక్కకుండా ఉండటం కష్టం. గోదాములతో పని లేనివాళ్లు నొక్కకపోతే నష్టమేమీ లేదు. వాళ్ల కోసం రాసింది కాదు.

గమనించాల్సింది ఒకటుంది. ఇందులో తనను పొగుడుకునే విశేషణం ఒక్కటీ లేదు. నేర్పు, అనుభవం, నాయకత్వం అన్న మాటలు లేవు. అయినా ఈ మనిషికి పని తెలుసని తెలిసిపోతోంది. ‘దొంగతనం కాదు’ అనడం పని చేసినవాళ్లకే తట్టే మాట. బయటివాళ్లు మొదట అనుకునేదాన్ని సున్నితంగా కాదనగలిగితే అనుభవం దానంతట అదే బయటపడుతుంది.

ఏం దాచాలి, ఏం దాచకూడదు

కిందికి లాగడం అంటే ఊరించడం అనుకుని కొందరు దారి తప్పుతారు. ‘నా జీవితాన్ని మార్చేసిన ఆ ఒక్క నిర్ణయం...’, ‘ఆ రోజు జరిగింది నేనెప్పటికీ మరిచిపోలేను...’ అని రాసి చుక్కలు పెడతారు. పోస్టుల్లో ఇవి కొంత నడుస్తాయి, ఎందుకంటే అక్కడ చదివేవాళ్లు కాలక్షేపానికి వేలు జరుపుతుంటారు. ప్రొఫైల్ తెరిచేవాళ్లు వేరు. వాళ్లకు ఒక నిర్ణయం తీసుకోవాల్సి ఉంది. పిలవాలా వద్దా, పని ఇవ్వాలా వద్దా, పరిచయం పెంచుకోవాలా వద్దా అని. చేతిలో తెరిచి ఉన్న ప్రొఫైళ్లు ఇంకా ఉన్నాయి. వాళ్లకు మీ జీవితంలోని మలుపు ఇప్పుడే అక్కర్లేదు. ఏమిటో చెప్పకుండా ఊరిస్తే తర్వాతి ప్రొఫైల్‌కు వెళ్లిపోతారు.

‘ఏమిటి’ అన్నది పైన చెప్పేయాలి. ‘ఎలా’ అన్నది కింద ఉండాలి. చిక్కు పైన, విప్పిన తీరు కింద. ఫలితం ఉంటే అది పైనే ఉండొచ్చు, ఎందుకంటే ఫలితం తెలిసినకొద్దీ దాన్నెలా సాధించారో చూడాలనిపిస్తుంది. మంచి ముక్కను దాచిపెట్టి చివర్లో బయటపెడదామన్న ఆలోచన అబౌట్‌లో పనిచేయదు. చివరి దాకా వచ్చేవాళ్లు తక్కువ.

ఫలితం అంకెల్లో చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త. యజమాని సంస్థ లోపలి లెక్కలు బయటపెట్టకూడదు. మొత్తం సరుకు విలువ, నష్టం సొమ్ము లాంటివి రాస్తే పాత యజమానితో గొడవ, కొత్త యజమానికి అనుమానం. దానికి బదులు సమయంలోనో నిష్పత్తిలోనో చెప్పొచ్చు. ‘రెండు రోజులు పట్టే లెక్క ఒక పూటలో ముగిసేలా చేశాను’ అన్నది ఎవరి రహస్యాన్నీ బయటపెట్టదు, పైగా సొమ్ము అంకె కంటే తేలిగ్గా ఊహకందుతుంది. నిరూపించలేని అంకె మాత్రం వద్దు. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది.

నొక్కిన తర్వాత

నొక్కించుకోవడంతో పని అయిపోదు. చాలా ప్రొఫైళ్లలో అసలు తప్పు కోత కింద మొదటి వాక్యంలో జరుగుతుంది. పైన చక్కటి ప్రారంభం, నొక్కగానే ‘నేను ఫలానా సంవత్సరంలో డిగ్రీ పూర్తిచేసి...’ అని జీవిత చరిత్ర. పై మూడు వరుసలు ఎవరిదో సలహా విని తర్వాత అతికించినవని, కిందంతా పాత రాతేనని ఇట్టే తెలిసిపోతుంది. చొక్కా ఒకరిది, పంచె ఒకరిదిలా ఉంటుంది.

మూడు చోట్లు అని చెప్పి కోత పడితే, తెరవగానే ఆ మూడూ కనిపించాలి. మన మేనేజర్ విషయంలో అవి ఇలా ఉంటాయి:

> వాపసు వచ్చిన పెట్టెను కంప్యూటర్‌లో ఎక్కించి, దించిన చోటే వదిలేస్తారు. ఒకే వస్తువును రెండు కోడ్‌ల కింద నమోదు చేస్తారు. సరుకును వేరే అరకు మార్చి, చీటీ మార్చడం మరిచిపోతారు. అందుకే ఏడాదికోసారి గోదాము మూసి అంతా లెక్కపెట్టే బదులు, రోజూ కొన్ని అరలు లెక్కపెట్టే పద్ధతి పెడతాను. ఎక్కువగా కదిలే సరుకు వంతు నెలనెలా వస్తుంది. నెమ్మదిగా కదిలేది ఏడాదికి ఒకటి రెండుసార్లు.

మూడు కారణాలూ ఒకే దిక్కును చూపిస్తున్నాయని గమనించండి. కంప్యూటర్‌లో ఎక్కువ, అరలో తక్కువ. పైన 40కి 37 అని చెప్పి, కింద అరలో సరుకు పెరిగే కారణం రాస్తే రంగం తెలిసినవాళ్లు అక్కడే పట్టేసుకుంటారు. ప్రారంభం ఎంత పదునుగా ఉంటే కింద అంత జాగ్రత్త కావాలి. శ్రద్ధగా చదివేవాళ్లనే మీరు కిందికి రప్పించారు మరి.

ఈ పేరా తర్వాత ఇక ఏళ్లు, సంస్థలు, వాడిన సాఫ్ట్‌వేర్ పేర్లు, కోరుకునే పని, సంప్రదించే దారి, ఏ వరుసలో పెట్టినా ఫర్వాలేదు. అక్కడికి వచ్చినవాళ్లు చదువుతారు.

ఇతర పొరపాట్లు, చప్పున

ప్రముఖుల సూక్తితో మొదలుపెట్టడం. ఆ మూడు వరుసల్లో మాట్లాడాల్సింది మీరు, మరొకరు కాదు.

‘మీ గోదాములో నష్టాలు వస్తున్నాయా?’ లాంటి ప్రశ్న. లేదు అనిపించిందంటే చదవడం అక్కడితో సరి. అవును అనేవాళ్లకు కూడా అది ప్రకటనలా వినిపిస్తుంది. ప్రశ్న గుర్తు లేకుండా ప్రశ్న పుట్టించే వాక్యం మెరుగు.

తనను తాను ప్రథమ పురుషలో చెప్పుకోవడం, అంటే ‘ఆయన సుప్రసిద్ధ...’ అన్న ధోరణి. ప్రొఫైల్ ఎవరిదో వాళ్లే రాసుకుంటారని అందరికీ తెలుసు కాబట్టి కాస్త నవ్వు తెప్పిస్తుంది. సభలో పరిచయపత్రానికి అది సరే.

ముద్ద అక్షరాలు. అబౌట్‌లో బోల్డ్ చేసే సదుపాయం లేదు. అందుకని కొందరు వేరే సైట్లలో ఇంగ్లిష్ అక్షరాలను ముద్దగా మార్చి తెచ్చి అతికిస్తారు. అవి చూపుకు అక్షరాల్లా ఉంటాయి కానీ యూనికోడ్‌లో గణిత చిహ్నాల కింద ఉన్నవి. చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ వాటిని ఒక్కొక్క గుర్తుగా చదువుతుంది, లేదా వదిలేస్తుంది. వెతుకులాటలో కూడా ఆ మాటలు మామూలు మాటలుగా దొరుకుతాయన్న భరోసా లేదు. తెలుగుకు ఆ చిహ్నాలు అసలు లేవు, ఆ విషయంలో మనం బతికిపోయాం.

ఎమోజీల వరుస గురించి వేరే చెప్పక్కర్లేదు. ఒకటి అర ఉంటే ఉండనీ, వరుస మొదట్లో మాత్రం వద్దు.

రంగం మారినవాళ్ల సంగతి వేరు

ఇప్పటిదాకా చెప్పింది ఒకే రంగంలో ఉన్నవాళ్లకు. రంగం మారినవాళ్ల ప్రొఫైల్ తెరవగానే చదివేవాళ్ల మనసులో ఒక అనుమానం ముందే కూర్చుంటుంది. నర్సుగా పనిచేసిన మనిషి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం వెతుకుతున్నారనుకోండి. హెడ్‌లైన్ ఒకటి చెబుతుంది, కింద అనుభవం మరొకటి చెబుతుంది. ‘ఇదేంటి?’ అన్న ప్రశ్న అప్పటికే పుట్టింది, మీరు పుట్టించనక్కర్లేదు. ఇక్కడ ప్రారంభం చేయాల్సిన పని జవాబివ్వడం.

> మందు ఇచ్చే ముందు పేరు, మోతాదు, వేళ మళ్లీ మళ్లీ సరిచూసుకోవడం నర్సుగా నాకు అలవాటు. ఇప్పుడు అదే అలవాటుతో సాఫ్ట్‌వేర్ పరీక్షిస్తున్నాను.

రెండు వాక్యాలు, అనుమానం తీరిపోయింది. ‘సాంకేతికత పట్ల ఉన్న మక్కువతో రంగం మారాను’ అంటే తీరదు, ఎందుకంటే మక్కువ ఎవరికైనా ఉంటుంది. పాత పనిలోని ఒక కచ్చితమైన చర్య కొత్త పనిలో ఎక్కడ అక్కరకొస్తుందో చూపించాలి. అలాంటి చర్య ఒక్కటే ఎంచుకోండి. నాలుగు చెబితే సంజాయిషీలా ఉంటుంది.

సొంతంగా పనులు తీసుకునేవాళ్లకు మరో చిన్న తేడా. వాళ్ల ప్రొఫైల్ చూసేది ఎక్కువగా రంగం తెలియని ఖాతాదారులు. ‘కంప్యూటర్‌లో 40, అరలో 37’ అన్నంత లోపలి దృశ్యం కాకుండా, ఖాతాదారు తన నోటితో చెప్పుకునే బాధను మొదటి వాక్యంగా పెట్టుకోవాలి. గత ఖాతాదారులు పంపిన మొదటి సందేశాలు తిరగేస్తే ఆ వాక్యం వాళ్ల మాటల్లోనే దొరుకుతుంది.

సరిచూసుకోవడం

రాశాక ఎడిట్ పెట్టెలో చూసి తృప్తిపడొద్దు. అక్కడ కోత కనిపించదు. సేవ్ చేసి, ముందు ఫోన్ యాప్‌లో మీ ప్రొఫైల్ తెరవండి. కనిపించే చివరి మాట ఏదో రాసుకోండి. అక్కడిదాకా మాత్రమే పైకి చదవండి. అంతే ఉంటే ఈ మనిషి పని ఏమిటో తెలుస్తుందా? తెలియకపోతే ముందున్న వాక్యాల్లో మాటలు తీసేయాలి, వెనకున్నది ముందుకు జరపాలి. తర్వాత ఫోన్ అక్షరాల సైజు ఒక మెట్టు పెంచి మళ్లీ చూడండి. ఆపైన ల్యాప్‌టాప్‌లో చూడండి, అక్కడ రెండో ముక్క ఎక్కడ తెగుతోందో గమనించండి. పూర్తి వాక్యం ముగిసి, అంతా చెప్పేసినట్టుండే చోట తెగుతుంటే ముందు వాక్యంలో నాలుగైదు మాటలు చేర్చో తీసేసో కోతను జరపొచ్చు. చివరగా లాగిన్ లేని ప్రైవేట్ విండోలో మీ పబ్లిక్ ప్రొఫైల్ లింకు తెరిచి చూడండి. సెర్చ్ ఇంజన్లలో మీ పేరు వెతికినప్పుడు లింకు కింద కనిపించే చిన్న వాక్యం కూడా తరచూ ఈ మొదటి మాటల్లోంచే వస్తుంది.

ఎంతమంది ‘సీ మోర్’ నొక్కారన్న లెక్క లింక్డ్‌ఇన్ మీకు చూపించదు. ప్రొఫైల్ ఎంతమంది చూశారో తెలుస్తుంది, ఎక్కడిదాకా చదివారో తెలియదు. పైగా చూసినవాళ్ల సంఖ్య పెరగడానికీ ఈ మూడు వరుసలకూ పెద్ద సంబంధం లేదు. వాళ్లు వచ్చేది హెడ్‌లైన్ చూసి, వెతుకులాటలో తగిలి. కాబట్టి ఆ అంకె పెరిగిందని ప్రారంభం బాగుందనీ, తగ్గిందని బాగోలేదనీ అనుకోవద్దు.

నమ్మదగిన పరీక్ష ఒకటి చేతిలో ఉంది. మీ రంగంతో కాస్త పరిచయమున్న ముగ్గురికి, మీ స్నేహబృందంలోని వాళ్లు కాకుండా, ఫోన్‌లో ప్రొఫైల్ చూపించి ఐదు లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి. ‘నేనేం చేస్తాను?’ అని అడగండి. హోదా పేరు చెబితే వాళ్లు హెడ్‌లైన్ చదివారు, అబౌట్ చదవలేదు. ‘ఏదో లెక్క తేడా కనిపెడతారట’ అంటే మొదటి ముక్క పనిచేసింది. ‘ఇంతకీ ఆ పెట్టెలు ఎక్కడుంటాయి?’ అని వాళ్లే అడిగితే ఫోన్ మళ్లీ వాళ్ల చేతికివ్వండి.